గ్యాస్ అబ్బాయికి చెప్పే కోడ్, ఎవరికీ చెప్పకూడని కోడ్

సిలిండర్ దించిన అబ్బాయి గేటు దగ్గర నిలబడి "కోడ్ చెప్పండి మామ్మగారూ" అంటాడు. అమ్మమ్మ ఫోన్ తెరిచి, మెసేజ్‌లో ఉన్న అంకెలు పైకి చదువుతుంది. చదవాలి కూడా. బుక్ చేసుకున్న ఇంటికే సిలిండర్ చేరిందని రుజువు చేసుకోవడానికి గ్యాస్ కంపెనీలు 2020 నవంబరు నుంచి ఈ డెలివరీ కోడ్ పద్ధతి తెచ్చాయి. యాప్‌లో బుక్ చేసిన ఆటో ఎక్కితే డ్రైవరూ కోడ్ అడుగుతాడు. ఖరీదైన పార్సిల్ తెచ్చిన కుర్రాడూ అడుగుతాడు. ఆ మెసేజ్‌ల మధ్యనే బ్యాంకు పంపిన ఇంకో మెసేజ్ ఉంటుంది. అందులోనూ అంకెలే ఉంటాయి. కింద మాత్రం ఎవరికీ చెప్పవద్దని రాసి ఉంటుంది.

పెద్దవాళ్లకు మనం నేర్పే మొదటి పాఠం "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్నదే. వారం తిరగకుండానే గ్యాస్ అబ్బాయి వచ్చి ఆ పాఠాన్ని చెరిపేస్తాడు. చెప్పకపోతే సిలిండర్ రాదు, చెబితే ఏ నష్టమూ జరగదు. రెండుమూడుసార్లు అలా జరిగాక, ఫోన్‌లో ఎవరో మర్యాదగా కోడ్ అడిగితే చెప్పడం తప్పనిపించదు. మోసపోయిన పెద్దవాళ్లను అమాయకులని తేల్చేయడం సులువు. కానీ వాళ్లకు అందిన పాఠంలోనే లోపం ఉంది. పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఏ కోడ్ ఎవరిదో కూడా తెలుస్తుంది. అందుకు ఒక్క ఇంటిని తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

ఇల్లు, రెండు ఫోన్లు, ఒకటే పాస్‌వర్డ్

తెనాలిలో ఒక ఇల్లు అనుకుందాం. తాతయ్య రిటైరైన హైస్కూలు టీచరు. పెన్షన్ ఆగకుండా ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి, రైలు టికెట్లు తీయాలి. అమ్మమ్మకు వాట్సాప్ ముఖ్యం. డల్లాస్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడేది అందులోనే. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతున్న మనవరాలు సెలవులకు వచ్చింది. ఇలాంటి ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి గనక పేర్లు పెట్టాల్సిన పని లేదు.

తాతయ్యకు అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్: Sairam@1952. జీమెయిల్‌కి అదే, ఫేస్‌బుక్‌కి అదే, టికెట్ల సైటుకీ అదే. ఫోన్ కొన్న రోజున దుకాణంలో కుర్రాడే జీమెయిల్ ఖాతా తెరిచాడు. "ఏదో ఒక పాస్‌వర్డ్ చెప్పండి సార్" అంటే తాతయ్య చెప్పారు. అంటే ఆ పాస్‌వర్డ్ దుకాణంలోనూ ఒకరికి తెలుసు.

మనవరాలు ముందు చూడాల్సింది బ్యాంకు యాప్ కాదు, ఈ జీమెయిలే. ఏ సైటులోనైనా "పాస్‌వర్డ్ మర్చిపోయారా" అన్నదాన్ని నొక్కితే, కొత్తది పెట్టుకునే లింకు చాలాసార్లు ఈమెయిల్‌కే వస్తుంది. ఈమెయిల్ చేజిక్కినవాడికి మిగతా ఖాతాల తాళంచెవుల గుత్తి దొరికినట్టే. ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టినా, దాన్ని మార్చే లింకు వచ్చే చోటు బలహీనంగా ఉంటే ఫలితం లేదు.

జీమెయిల్ సెట్టింగుల్లో ఇంకో చిక్కు బయటపడింది. ఖాతా పోతే తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ నంబరు దగ్గర, తాతయ్య ఎప్పుడో వదిలేసిన పాత నంబరు ఉంది. మన దేశంలో ఆపేసిన మొబైల్ నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత టెలికాం కంపెనీలు వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. అంటే తాతయ్య ఖాతాకు వెళ్లే రికవరీ కోడ్ ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్‌లో మోగవచ్చు. పాస్‌వర్డ్ సంగతి తర్వాత చూడొచ్చు, ముందు ఈ నంబరు మార్చాలి. ఐదు నిమిషాల పని, కానీ ఎవరో ఒకరు తెరిచి చూస్తే తప్ప తెలియని పని.

మనిషి ఎంచుకున్న మాటకు బలం ఎందుకు ఉండదు

"పెద్దక్షరం ఉంది, గుర్తు ఉంది, అంకెలున్నాయి. ఇంకేం కావాలే?" అని తాతయ్య అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. చాలా సైట్లు ఆయనకు నేర్పిన నియమం అదే.

రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన వ్యాసంలో జనం వాడుతున్న 3,289 పాస్‌వర్డ్‌లను పరిశీలించారు. వాటిలో 2,831 మరీ చిన్నవో, నిఘంటువులోనో పేర్ల జాబితాలోనో దొరికేవో అయ్యాయి. సరిగ్గా 30 ఏళ్లకు, 2009లో, రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా బయటపడ్డాయి. అందులో దాదాపు 2 లక్షల 90 వేల మంది పాస్‌వర్డ్ 123456. దొంగలకు ఆ జాబితా పాఠ్యపుస్తకమైంది. జనం పేరు ముందు పెడతారని, మధ్యలో @ పెడతారని, చివర పుట్టిన ఏడాది తగిలిస్తారని అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ అలవాటుతో లెక్క వేద్దాం. మనుషుల పేర్లు, దేవుళ్ల పేర్లు కలిపి 10,000 అనుకోండి. జనం తరచుగా వాడే గుర్తులు 10. ఏళ్లు 100. మూడింటినీ హెచ్చిస్తే కోటి. Sairam@1952 ఆ కోటిలో ఒకటి.

కోటి పెద్ద సంఖ్యేనా అన్నది దొంగ ఎక్కడ కూర్చుని ప్రయత్నిస్తున్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. జీమెయిల్ తెరిచి ఒక్కొక్కటే కొట్టిచూస్తే కొన్ని తప్పులకే గూగుల్ అడ్డుపడుతుంది. కానీ ఏదో ఒక సైటు నుంచి పాస్‌వర్డ్‌ల ఫైలు చోరీ అయితే, దాన్ని తన కంప్యూటర్లో పెట్టుకుని తీరిగ్గా ప్రయత్నించవచ్చు, ఆపేవారు లేరు. మంచి సైట్లు పాస్‌వర్డ్‌ను అలాగే దాచవు. ఒక గణిత ప్రక్రియలో నలిపి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాస్తాయి. ఆ ఫలితం నుంచి వెనక్కి వెళ్లి అసలు మాటను రాబట్టలేం. దొంగ చేసేదల్లా తన ఊహలను ఒక్కొక్కటిగా అదే ప్రక్రియలో నలిపి, ఫైలులో ఉన్నదానితో సరిపోలుతుందేమో చూడటం. సైటువాళ్లు జాగ్రత్తపడి కావాలనే నిదానంగా నడిచే ప్రక్రియను ఎంచుకుంటే, దొంగ సెకనుకు లక్ష ఊహలు పరీక్షించగలడనుకుందాం. కోటి ఊహలకు 100 సెకన్లు చాలు. తాతయ్య కాఫీ చల్లారకముందే అయిపోతుంది.

ఆ తర్వాత దొంగ అదే ఈమెయిల్, అదే పాస్‌వర్డ్ పట్టుకుని జీమెయిల్, ఫేస్‌బుక్, టికెట్ల సైటు అన్నీ తట్టిచూస్తాడు. అక్కడ అతను ఊహించడం లేదు, తెలిసిన మాటను ఒక్కసారి కొడుతున్నాడు. తప్పుల లెక్క చూసి అడ్డుకునే ఏర్పాటు ఇక్కడ పనికిరాదు. అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ వాడటంలోని అసలు ప్రమాదం ఇదే.

పాచికతో ఏరిన మాటలు

మనిషి ఎంచుకుంటే అలవాటు దూరుతుంది కాబట్టి, ఎంపికను పాచికకు వదిలేయాలి. ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన 1995లో డైస్‌వేర్ అనే పద్ధతి ఇచ్చాడు. 7,776 మాటల జాబితాలో ఐదుసార్లు పాచిక వేసి ఒక మాట ఏరడం, అలా కొన్ని మాటలు కలిపి పాస్‌వర్డ్‌గా పెట్టుకోవడం. ఆ మొదటి జాబితా ఇంగ్లీషులో ఉంది. అమ్మమ్మకు ఆ మాటలు నోట నిలవవు.

అందుకని మనవరాలు తెలుగులో చిన్న జాబితా తయారుచేస్తుంది. నోటుపుస్తకంలో ఆరు పేజీలు. ఒక్కో పేజీలో ఆరు వరసలు, ఆరు నిలువు గళ్లు, అంటే 36 మాటలు. మొదటి పేజీ వంటింటి సామాను, రెండోది కూరగాయలు, పండ్లు. మూడోది పక్షులు, జంతువులు, నాలుగోది చెట్లు, పూలు, ఐదోది పొలం పనిముట్లు, ఆరోది పిండివంటలు, తినుబండారాలు. మాటలు చెప్పేది అమ్మమ్మ. "జల్లెడ రాశావా? చాట? అట్లకాడ?" అంటూ సాయంత్రానికల్లా 216 మాటలు పూర్తవుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. వంకాయ vankaya అవుతుంది, vankaaya కూడా అవుతుంది. పాస్‌వర్డ్‌లో ఒక్క a తేడా వచ్చినా తలుపు తెరుచుకోదు. అందుకే ప్రతి మాట పక్కనా దాని స్పెల్లింగు జాబితాలోనే రాసి పెట్టాలి. దీర్ఘాలు ఎక్కడా రెండు అక్షరాలుగా రాయకూడదని ఈ ఇంట్లో నియమం పెట్టుకున్నారు.

వైకుంఠపాళి పాచిక బయటికి వచ్చింది. మొదటిసారి పడిన అంకె పేజీ, రెండోది వరస, మూడోది గడి. మూడుసార్లు వేస్తే ఒక మాట, 18 సార్లు వేస్తే ఆరు మాటలు. ఇలా వచ్చింది:

```
nagali.uduta.jalleda.gorinta.kaki.arise
```

నడుమ చుక్కలు ఎందుకంటే, ఫోన్ కీబోర్డులో చుక్క మొదటి పలక మీదే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడ అచ్చయిన ఈ పాస్‌వర్డ్ ఇక ఎవరికీ పనికిరాదు. ఎవరి ఇంట్లో వాళ్లు తమ పాచిక వేసుకోవాలి.

"అరిసె ముందుకు తెస్తే బాగుంటుంది కదే" అంటుంది అమ్మమ్మ. తేకూడదు. నచ్చని మాట వచ్చిందని మళ్లీ వేయడం, వరస సర్దడం మొదలుపెడితే మనిషి అలవాటు వెనక తలుపునుంచి తిరిగి వస్తుంది. వచ్చిన వరసకే కథ కట్టుకోవాలి. అమ్మమ్మ కట్టేసింది కూడా: నాగలి మీద ఉడుత కూర్చుంది, జల్లెడ నిండా గోరింట కోశాం, ఇంతలో కాకి అరిసె ఎత్తుకుపోయింది.

బలం ఎంత? ఒక్కో మాటకు 216 అవకాశాలు. ఆరు మాటలకు 216ను ఆరుసార్లు హెచ్చించాలి. వచ్చేది దాదాపు కోటి కోట్లు. దొంగకు ఈ నోటుపుస్తకమే దొరికి, పద్ధతి అంతా తెలిసినా ఈ లెక్క మారదు. అతనికి తెలియనిది పాచిక ఎలా పడిందన్నది ఒక్కటే. ఇందాకటి సెకనుకు లక్ష లెక్కన అన్నీ పరీక్షించడానికి సుమారు 32 ఏళ్లు పడుతుంది. అయితే పాస్‌వర్డ్‌లను వేగంగా నలిపే పాతకాలపు పద్ధతిలో దాచిన అజాగ్రత్త సైటు ఏదైనా ఉంటే, మంచి గ్రాఫిక్ కార్డులున్నవాడు సెకనుకు వెయ్యి కోట్ల ఊహలు పరీక్షించవచ్చు. జాబితా కూడా అతని చేతిలో ఉంటే ఆ సైటులో ఇదే పాస్‌వర్డ్ మూడు గంటల్లో పడిపోతుంది. ఎంత మంచి పాస్‌వర్డైనా దాన్ని దాచే చోటు మన చేతిలో ఉండదు. అందుకే ఈ ఆరు మాటలు జీమెయిల్‌కి మాత్రమే. ఫేస్‌బుక్‌కి, టికెట్ల సైటుకి వేరేవి కావాలి.

వాటిని తాతయ్య గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఫోన్‌లోని పాస్‌వర్డ్ మేనేజరు తానే యాదృచ్ఛికంగా ఒకటి తయారుచేసి దాచుకుంటుంది. దానికి కాపలా ఫోన్ లాక్, జీమెయిల్ పాస్‌వర్డ్. కొన్ని సైట్లు పెద్దక్షరం, అంకె తప్పనిసరి అంటాయి, కొన్ని పదిహేను అక్షరాలు మించనివ్వవు. ఆ బెడదలన్నీ మేనేజరే చూసుకుంటుంది.

తాతయ్యకు ఇంకో అనుమానం. "కాగితం మీద రాసుకోవద్దంటారుగా?" ఆఫీసు కంప్యూటరుకు చీటీ అతికించడం తప్పే. కానీ ఈ ఇంటి పాస్‌వర్డ్‌కు భయం ఎక్కడో దూరాన కూర్చున్న మనిషి నుంచి. అతను బీరువా తెరవలేడు. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నైయర్ 2005లోనే పాస్‌వర్డ్ రాసుకోమని సలహా ఇచ్చాడు, గుర్తుంచుకోగలిగినంత చిన్నది పెట్టుకోవడం కంటే అదే మేలని. ఆరు మాటలూ ఒక కాగితం మీద రాసి, పాసుపుస్తకాలున్న అరలో పెట్టారు. ఫోన్ కవరు వెనక మాత్రం పెట్టలేదు. ఫోన్ పోతే రెండూ కలిసి పోతాయి.

రెండో అంచె ఏం చేస్తుంది

పాస్‌వర్డ్ తెలిసిన విషయం. తెలిసిన విషయాన్ని ఎవరైనా దొంగచాటుగా తెలుసుకోవచ్చు. రెండో అంచె అడిగేది చేతిలో ఉన్న వస్తువును. ఆ వస్తువు ఇక్కడ ఫోన్. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు 2009 ఆగస్టు 1 నుంచి అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకు ఓటీపీ మనకు అలా అలవాటైంది. ఈమెయిల్‌కు మాత్రం మనమే పూనుకుని పెట్టుకోవాలి.

జీమెయిల్‌లో ఇది చాలా రకాలుగా కుదురుతుంది, వాటిలో మూడు చూద్దాం. ఎస్ఎంఎస్‌లో కోడ్ రావడం ఒకటి. ఫోన్ తెర మీద "లాగిన్ అవుతున్నది మీరేనా?" అని ప్రశ్న రావడం రెండోది. అథెంటికేటర్ యాప్‌లో కోడ్ కనిపించడం మూడోది.

ఈ మూడోదాని పనితీరు తెలుసుకోదగ్గది. మొదటిరోజు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోన్‌లోకి చేరుతుంది. అదే సంఖ్య గూగుల్ దగ్గరా ఉంటుంది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోరు. కాలాన్ని 30 సెకన్ల ముక్కలుగా లెక్కించి, రహస్య సంఖ్యనూ ఇప్పుడు నడుస్తున్న ముక్క సంఖ్యనూ కలిపి ఒకే ప్రక్రియలో నలుపుతారు. రెండు చోట్లా ఒకే ఆరంకెలు వస్తాయి. 2011లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతికి సిగ్నల్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు. తాతయ్య డల్లాస్ వెళ్లి ఆరునెలలు ఉన్నప్పుడు, రోమింగు లేక తెనాలి సిమ్‌కు ఎస్ఎంఎస్‌లు రాకపోయినా ఇది పనిచేస్తుంది. చెడేది ఒక్కచోటే: ఫోన్‌లో టైము తప్పుగా ఉంటే. కోడ్ సరిగ్గా కొడుతున్నా పదేపదే తప్పంటోందంటే, ముందు తేదీ, సమయం ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో చూడాలి.

రోజువారీకి మనవరాలు తెర మీద ప్రశ్న వచ్చే పద్ధతిని ఎంచుకుంది. కొట్టాల్సిన అంకెలు తక్కువ. తాతయ్య ఖాతాను అమ్మమ్మ ఫోన్‌లోనూ చేర్చింది. ఒక ఫోన్ పాడైతే ప్రశ్న రెండోదానికి వస్తుంది. డల్లాస్ ప్రయాణం కోసం అథెంటికేటరు కూడా పెట్టింది. చివరిగా బ్యాకప్ కోడ్‌లు తీసింది. గూగుల్ ఇవి పది ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్లు రెండూ లేని రోజు తలుపు తెరిచేవి ఇవే. కాగితం మీద రాసి బీరువాలో పెట్టారు, వాడినదాన్ని కొట్టేయమని తాతయ్యకు చెప్పింది.

అమ్మమ్మ వాట్సాప్‌కు కథ వేరు. కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరవడానికి నంబరుకు వచ్చే ఆరంకెల కోడ్ ఒక్కటి చాలు. ఆ కోడ్ ఎవరైనా చెప్పించుకుంటే అమ్మమ్మ పేరుతో బంధువులందరినీ డబ్బు అడగవచ్చు. సెట్టింగుల్లో Account కింద Two-step verification తెరిచి ఆరంకెల పిన్ పెడితే, వచ్చిన కోడ్‌తో పాటు అదీ కావాలి. పక్కనే ఈమెయిల్ ఇవ్వమంటుంది, దాటేయకూడదు. పిన్ మరిచిపోతే తిరిగి పెట్టుకునే దారి ఆ ఈమెయిలే. ఇవ్వకపోతే ఏడు రోజులు ఆగాల్సి రావచ్చు. ఇంకో మాట ముందే చెప్పాలి: మరిచిపోకుండా ఉండటానికి వాట్సాప్ అప్పుడప్పుడు ఆ పిన్ అడుగుతుంది. చెప్పకపోతే అమ్మమ్మ అది మోసమనుకుని కంగారుపడుతుంది.

నోటితో చెప్పేది, చేత్తో కొట్టేది

2019లో గూగుల్, రెండు అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి ఈ అంచెల బలాన్ని కొలిచారు. ఎస్ఎంఎస్ కోడ్ యంత్రాలు చేసే దాడులన్నింటినీ ఆపింది, గంపగుత్తగా వల విసిరే మోసాల్లో 96 శాతాన్ని ఆపింది. ఒకరినే గురిపెట్టి చేసే దాడుల్లో మాత్రం 76 శాతమే. తెర మీద ప్రశ్న వచ్చే పద్ధతిలో ఇవి 100, 99, 90 శాతాలు. మిగిలిన ఆ కొద్ది శాతంలో దొంగ గణితాన్ని ఓడించలేదు. మనిషి చేతనే తలుపు తీయించాడు.

అందుకే ఈ ఇంట్లో "ఎవరికీ చెప్పొద్దు" అన్న మాట తీసేసి, కోడ్‌లను రెండుగా విడదీశారు. వస్తువో బండో వచ్చి, మనిషి ఎదుట నిలబడి ఉన్నప్పుడు అడిగేది నోటితో చెప్పే కోడ్. సిలిండర్ గేటు లోపలికి వచ్చాక, మెసేజ్‌లో గ్యాస్ కంపెనీ పేరు చదివాక చెప్పాలి. లాగిన్, అకౌంట్, వెరిఫికేషన్, రూపాయలు, ఈ మాటల్లో ఏదైనా మెసేజ్‌లో ఉంటే అది చేత్తో కొట్టే కోడ్. తాము మొదలుపెట్టిన పనికి, తమ ఫోన్‌లో, తమ వేలితో కొట్టాలి. ఫోన్‌లో మాట్లాడే మనిషికి ఈ రెండింట్లో ఏదీ చెప్పరు. "పార్సిల్ క్యాన్సిల్ చేయాలి, కోడ్ చెప్పండి" అన్నా సరే. పార్సిల్ కళ్లెదుట లేదు.

తెర మీద ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. "మీరేనా?" అని అడిగినప్పుడు తాతయ్య వేలు అలవాటుగా అవును మీదికి వెళుతుంది. తాను లాగిన్ మొదలుపెట్టకుండా ఆ ప్రశ్న వచ్చిందంటే, పాస్‌వర్డ్ అప్పటికే ఎవరికో తెలిసిపోయి ఉండవచ్చు. కాదు అని నొక్కి, అదే రోజు పాస్‌వర్డ్ మార్చాలి.

యూపీఐ పిన్ గురించి ఒక్క వాక్యం చాలు: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు కాకుండా పిన్ అడిగిందంటే డబ్బు పోతోంది.

నేర్పినదాన్ని పరీక్షించి చూడాలి. మర్నాడు పొద్దున మనవరాలు స్నేహితురాలి ఫోన్ తీసుకుని మేడమీదికెళ్లి అమ్మమ్మకు ఫోన్ చేసింది, గొంతు మార్చి.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామండీ. మీ ఖాతా ఆగిపోతోంది. ఇప్పుడో మెసేజ్ వస్తుంది, అందులో అంకెలు చదవండి."

అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుంది. "ఏమండీ, బ్యాంకువాళ్లట" అని తాతయ్యను పిలిచింది. మెసేజ్ తెరిచింది. అంకెల ముందు ఉన్న మాటలు చదివింది, login అని ఉంది. "ఇది నేను కొట్టుకునేదమ్మా, చెప్పేది కాదు" అంది. కానీ ఫోన్ పెట్టేయలేదు, మర్యాదకు ఇంకా వింటూనే ఉంది. మనవరాలు ఇంకో ఎత్తు వేసింది: "సరేనండీ, చెప్పొద్దు. ఒక చిన్న యాప్ పంపిస్తాం, అది పెట్టుకోండి చాలు." తాతయ్య ఫోన్ అందుకుని "ఏ యాప్ బాబూ?" అన్నారు.

పాఠంలో మిగిలిన ఖాళీ అక్కడ కనిపించింది. తెరను పంచుకునే యాప్ పెట్టించుకుంటే, మోసగాడికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. తాతయ్య తెర మీద మెరిసే కోడ్ అతనే చూసుకుంటాడు. నియమానికి ఒక ముక్క చేరింది: ఫోన్‌లో ఎవరో చెబుతుండగా ఏ యాప్ పెట్టకూడదు, ఏ లింకు తెరవకూడదు. మెసేజ్‌లో చేత్తో కొట్టే కోడ్ కనిపించగానే కాల్ కట్ చేయాలి, మర్యాద చూడనక్కర్లేదు. బ్యాంకుతో పని ఉంటే పాసుపుస్తకం మీదున్న నంబరుకు తామే చేయాలి.

మూడోరోజు మనవరాలు చేతులు కట్టుకు కూర్చుని తాతయ్యను జీమెయిల్ నుంచి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లమంది. మొదటిసారి మొదటి అక్షరం పెద్దదిగా పడింది, తప్పంది. పాస్‌వర్డ్ పెట్టె పక్కనున్న కన్ను గుర్తు నొక్కి చూస్తే తెలిసింది. రెండోసారి తెరుచుకుంది. ఈ పని ఆమె తన చేత్తో చేసి ఫోన్ తిరిగి ఇచ్చేసి ఉంటే, ఆ పెద్దక్షరం ఆమె విజయవాడ వెళ్లాక పడేది.

ఫోన్ పోయిన రోజు

రెండంచెల ధ్రువీకరణకు ఉన్న పెద్ద లోపం, అది అసలు మనిషిని కూడా బయట నిలబెట్టగలదు. కాబట్టి ఆ రోజు ఏం చేయాలో ఇప్పుడే కాగితం మీద రాశారు.

తాతయ్య ఫోన్ బస్సులో పోయిందనుకుందాం. ముందుగా అమ్మమ్మ ఫోన్ నుంచి టెలికాం కంపెనీకి చేసి సిమ్ ఆపించాలి. ఎస్ఎంఎస్ కోడ్‌లు వెళ్లేది సిమ్‌కు, ఫోన్‌కు కాదు. వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించాలి. తర్వాత అమ్మమ్మ ఫోన్‌లో ఉన్న తాతయ్య ఖాతా తెరిచి, పోయిన ఫోన్‌ను పరికరాల జాబితాలోంచి తీసేయాలి. అది కుదరకపోతే బీరువాలోని ఆరు మాటలు, ఒక బ్యాకప్ కోడ్. పోలీసు ఫిర్యాదు ఇచ్చాక సంచార్ సాథి పోర్టల్లో ఫోన్‌ను బ్లాక్ చేయించవచ్చు. అందుకు ఐఎంఈఐ నంబరు కావాలి కాబట్టి, దాన్ని *#06# కొట్టి ఇప్పుడే రాసి పెట్టుకున్నారు. కొత్త సిమ్ వచ్చాక వాట్సాప్ తెరిస్తే పాత ఫోన్‌లో అది ఆగిపోతుంది.

ఫోన్ చేతిలోనే ఉండి, ఊళ్లో అందరికీ సిగ్నల్ ఉన్నా తాతయ్యకు మాత్రం గంటల తరబడి సిగ్నల్ లేకపోతే, అది కూడా ఇదే జాబితాలోకి వస్తుంది. ఎవరో ఆయన పేరుతో కొత్త సిమ్ తీసుకుని ఉండవచ్చు. వేరే ఫోన్ నుంచి వెంటనే టెలికాం కంపెనీని అడగాలి.

డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం మిగతావన్నీ ఆపి 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. దొంగ డబ్బును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తిప్పి బయటికి తీసేలోపు బ్యాంకులకు కబురందితే, మధ్యలో ఉన్న మొత్తాన్ని స్తంభింపజేసే వీలుంటుంది. ఎంత ఆలస్యమైతే మిగిలేది అంత తక్కువ. ఫిర్యాదుకు ఖాతా నంబరు, డబ్బు పోయిన సమయం, లావాదేవీ నంబరు అడుగుతారు. ఖాతా నంబరు పాసుపుస్తకంలో ఉంటుంది, మిగతా వివరాలు చాలావరకు బ్యాంకు మెసేజ్‌లో ఉంటాయి గనక దాన్ని చెరిపేయకుండా ఉంచుకోవాలి. అదే వివరాలతో cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయాలి.